పాత రౌటర్‌తో పై గదికి వైఫై

కింది హాల్లో జోరుగా వచ్చే వైఫై మెట్లెక్కి పై గదికి వెళ్లేసరికి ఒక్క గీతకు పడిపోతుంది. కారణం మధ్యనున్న స్లాబు. ఇనుప చువ్వలు, కాంక్రీటు కలిసి సిగ్నల్‌ను చాలావరకు అడ్డుకుంటాయి. రిపీటర్ పెట్టినా, అది గాలిలో అందుకున్నదాన్నే తిరిగి గాలిలోకి పంపాలి కాబట్టి వేగం తరచూ సగానికి తగ్గుతుంది. అటక మీద పాత రౌటర్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు. ఒక క్యాట్-5ఈ కేబుల్ చాలు. అది 100 మీటర్ల దాకా పనిచేస్తుంది.

ఇంటికి చిరునామాలు పంచే పని కింది రౌటర్ ఒక్కటే చేయాలి. పాతది వైఫైని మాత్రమే ఇవ్వాలి. ఇదే ఇందులో అసలు కిటుకు.

ఒక ఇంటిని చూద్దాం. కింది రౌటర్ చిరునామా 192.168.1.1. ఫోన్లకు, టీవీలకు అది 100 నుంచి 200 వరకు నంబర్లు ఇస్తోంది. ముందు పాత రౌటర్ వెనక ఉన్న రీసెట్ మీటను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. దాని లాన్ పోర్టుకు ల్యాప్‌టాప్ కలిపి, అడుగున స్టిక్కర్‌పై ఉన్న చిరునామాను బ్రౌజర్లో తెరవండి. అందులో Access Point మోడ్ ఉంటే దాన్ని ఎంచుకుంటే దాదాపు పనంతా అదే చేసుకుంటుంది.

లేకపోతే మొదట కింది వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రత రకం ఉన్నవి ఉన్నట్టు ఇవ్వండి. కిందిది 1వ చానల్లో ఉంటే దీన్ని 6 లేదా 11లో పెట్టండి. తర్వాత LAN IP ని 192.168.1.2గా మార్చండి. పేజీ ఆగిపోతుంది, కంగారు పడకుండా కొత్త చిరునామాతో మళ్లీ తెరవండి. చివరగా DHCP Server ఆపేయండి. ఇక కింది రౌటర్ లాన్ పోర్టు నుంచి పాతదాని లాన్ పోర్టుకే కేబుల్ కలపండి. వాన్ పోర్టు ఖాళీగానే ఉండాలి.

ఒక ఫోన్‌కు నెట్ వచ్చి మరో ఫోన్‌కు రాకపోతే DHCP ఆగలేదన్నమాట. ఫోన్ వైఫై వివరాల్లో గేట్‌వే 192.168.1.2 అని కనిపిస్తే అనుమానం తీరినట్టే. నెట్ వస్తున్నా కింది ప్రింటర్ పై గదిలో ఫోన్‌కు కనబడకపోతే, కేబుల్ వాన్ పోర్టులో పెట్టి ఉంటారు. మెట్లెక్కినా ఫోన్ కింది సిగ్నల్‌నే పట్టుకుని వేలాడుతుంటే వైఫై ఒకసారి ఆపి వేయండి.

పాత రౌటర్లలో చాలావాటి పోర్టులు 100 ఎంబీపీఎస్‌కు మించవు. సినిమాలకు, వీడియో కాల్స్‌కు అది సరిపోతుంది. డబ్ల్యూపీఏ2 భద్రత కూడా లేనంత పాతదైతే మాత్రం వాడకండి.