ఓడ తప్పిపోతే కొనుగోలుదారుకు ఏం రాయాలి?

‘అనివార్య కారణాల వల్ల సరుకు ఆలస్యమవుతోంది, త్వరలో పంపుతాం.’ ఎగుమతిదారులు విదేశీ కొనుగోలుదారులకు తరచూ రాసే ఈ ఉత్తరం దాదాపు వ్యర్థం. అవతలివాడికి కావలసిన సంగతి ఒక్కటీ ఇందులో ఉండదు.

ఒక ఉదాహరణ చూద్దాం. గుంటూరు నుంచి రెండు కంటైనర్ల తేజా మిర్చి చెన్నై రేవు మీదుగా మలేషియాలోని పోర్ట్ క్లాంగ్‌కు వెళ్లాలి. ఓడ మార్చి 18న. లెటర్ ఆఫ్ క్రెడిట్ ప్రకారం సరుకు ఓడెక్కాల్సిన ఆఖరి తేదీ మార్చి 25. కంటైనర్‌కొక షిప్పింగ్ బిల్లు వేశారు. ఒకదానికి అనుమతి వచ్చింది. రెండోదాంట్లో ఎండుమిర్చికి వాడాల్సిన 0904 21 కోడ్‌కు బదులు కారప్పొడి కోడ్ 0904 22 పడింది. తనిఖీలో అది బయటపడి సరుకు ఆగింది. కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ కోరాలి. అనుమతి వచ్చేలోగా రేవులోకి కంటైనర్ చేర్చే గడువు దాటిపోతుంది. తర్వాతి ఓడ మార్చి 27న.

ఇక్కడ ‘కస్టమ్స్ ఆపేసింది’ అని రాస్తే సగం నిజమే. తప్పు మన కాగితంలో ఉంది, ఆ మాట చెప్పాలి. ఇలాంటి పొరపాటుకు ఫోర్స్ మజూర్ నిబంధన అక్కరకు రాదు.

అసలు చిక్కు 27వ తేదీతో వస్తుంది. బ్యాంకు చూసేది కస్టమ్స్ అనుమతి తేదీని కాదు, సరుకు ఓడెక్కినట్టు బిల్ ఆఫ్ లేడింగ్ చూపే తేదీని. అది 25 దాటితే బ్యాంకు ఆ పత్రాలను తిరస్కరించవచ్చు. పాత తేదీతో బిల్లు రాయించుకుందామన్న ఆలోచన కొందరికి వస్తుంది. అది మోసం. బయటపడితే ఆ కొనుగోలుదారు మళ్లీ మన గడప తొక్కడు.

కాబట్టి ఉత్తరం ఇలా ఉండాలి: ‘రెండో కంటైనర్ షిప్పింగ్ బిల్లులో మా వల్ల కోడ్ తప్పు పడింది. 15న సవరణకు దరఖాస్తు చేశాం. కస్టమ్స్ అనుమతి వస్తే 27న ఓడెక్కుతుంది, ఏప్రిల్ 5 ప్రాంతంలో చేరవచ్చు. మొదటి కంటైనర్ 18నే బయల్దేరుతుంది. రెండోదానికి క్రెడిట్ గడువును ఏప్రిల్ 5 వరకు పొడిగించగలరా? ఆ ఖర్చు మాది. వద్దనుకుంటే రెండోది రద్దు చేస్తాం. 19లోగా తెలపండి.’

ఇందులో ఖాయమైన తేదీ, అంచనా తేదీ విడిగా కనిపిస్తున్నాయి. లెటర్ ఆఫ్ క్రెడిట్ విడతలుగా పంపడాన్ని నిషేధిస్తే మాత్రం మొదటి కంటైనర్‌ను కూడా విడిగా పంపకూడదు, ముందు ఆ షరతు మార్పించాలి. గడువు మార్చడానికి కొనుగోలుదారు ఒప్పుకుంటే చాలదు. ఆయన బ్యాంకు సవరణ జారీ చేయాలి. అందుకు రోజులు పడతాయి. కనుక తప్పు తెలిసిన రోజే ఉత్తరం పంపండి.