ఐ-20లో ఇంటి విలువ ఎంత?

అమెరికాలో ఎంఎస్‌కి వెళ్లే పిల్లలున్న ఇళ్లలో చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చే ఆస్తుల సర్టిఫికెట్ మీద గట్టి నమ్మకం ఉంటుంది. ఇల్లు 70 లక్షలు, పొలం 60 లక్షలు, బంగారం 15 లక్షలు... కింద మొత్తం చూసి, ఇక డబ్బు సంగతి తేలిపోయినట్టే అనుకుంటారు. కానీ వీసాకు ఆధారమైన ఐ-20 ఫారం కోసం చాలా యూనివర్సిటీలు ఆ కాగితాన్ని లెక్కలోకే తీసుకోవు. వాళ్లు అడిగేది ఆస్తి కాదు, ఫీజు కట్టాల్సిన రోజున చేతికందే డబ్బు.

ఐ-20 మొదటి పేజీలో ఒక పక్క ఏడాది ఖర్చు, పక్కనే ఆ ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఉంటాయి. రెండో అంకె మొదటిదానికంటే తక్కువగా ఉండకూడదు. సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్లు, బ్యాంకు మంజూరు చేసిన విద్యారుణం ఇందులోకి వస్తాయి. పీఎఫ్, షేర్ల విషయంలో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. ఇల్లు, పొలం మాత్రం నేరుగా రావు. ఇంటిని తాకట్టు పెట్టి లోన్ తీసుకుంటే, ఆ లోన్ రూపంలోనే అవి ఐ-20 లోపలికి అడుగుపెడతాయి.

ఉదాహరణకు ఖమ్మంలో ఒక టీచర్ గారి కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మాయికి రెండేళ్ల ఎంఎస్‌లో సీటొచ్చింది. ట్యూషన్, హాస్టల్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి మొదటి ఏడాది ఖర్చు 40,000 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 36 లక్షలు. రెండో ఏడాదికి మరో 27 లక్షలు. మొత్తం 63 లక్షలు. ఐ-20కి మొదటి ఏడాది డబ్బు చూపితే సరిపోతుంది కానీ, తర్వాతి ఏడాది ఎలా గడుస్తుందో కూడా నమ్మకంగా చెప్పగలగాలి. వీసా ఆఫీసరు ఆ సంగతీ చూస్తారు.

తండ్రి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్లు 12 లక్షలు, తల్లి పేరిట 4 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 3 లక్షలు ఉన్నాయి. మొత్తం 19 లక్షలు. ఇంకా 44 లక్షలు కావాలి కాబట్టి 45 లక్షల లోన్‌కి బ్యాంకు మెట్లెక్కారు. విదేశీ చదువు ఖర్చులో సాధారణంగా 15 శాతం కుటుంబమే పెట్టుకోవాలని బ్యాంకులు అంటాయి. దాన్నే మార్జిన్ అంటారు. 63 లక్షల్లో అది తొమ్మిదిన్నర లక్షలు అవుతుంది కాబట్టి వీళ్లకు ఆ ఇబ్బంది లేదు.

అసలు చిక్కు తాకట్టు దగ్గర మొదలవుతుంది. టీచర్ గారు ముందు పొలం పాస్‌బుక్ తీశారు. బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపారు. అప్పు ఎగ్గొడితే కోర్టుకెక్కకుండానే ఆస్తిని వేలం వేసుకునే హక్కును బ్యాంకులకు సర్ఫేసీ చట్టం ఇస్తుంది. వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. అందుకే కోటి రూపాయల పొలం ఉన్నా చాలా బ్యాంకులు చదువు అప్పుకు దాన్ని తాకట్టుగా తీసుకోవు. ప్రభుత్వం పంచిన అసైన్డ్ భూమి మాటే ఎత్తక్కర్లేదు. అనుమతి లేని లేఅవుట్‌లో కొన్న ప్లాటుదీ ఇంచుమించు అదే గతి.

ఇక మిగిలింది ఖమ్మంలో ఇల్లు. దానికి రిజిస్టర్డ్ దస్తావేజు, అంతకు ముందరి లింకు డాక్యుమెంట్లు, ఈసీ, ఇంటి పన్ను రసీదు, మంజూరైన ప్లాను కావాలి. వీటిని బ్యాంకు వకీలు చదివి లీగల్ ఒపీనియన్ ఇస్తారు. బ్యాంకు ఎంపిక చేసిన వాల్యుయర్ వచ్చి ఇల్లు కొలిచి విలువ కడతారు. మనం చేయించుకున్న వాల్యుయేషన్ అక్కడ చెల్లదు. ఎక్కువగా ఆగిపోయేది ఈసీ దగ్గరే. పాత హౌసింగ్ లోన్ ఎప్పుడో తీర్చేసినా తనఖా రద్దు రిజిస్టర్ చేయించకపోతే ఈసీలో ఆ అప్పు ఇంకా కనబడుతూనే ఉంటుంది. తాతగారి పేరిటే ఉండిపోయిన ఇల్లయితే వారసులందరి సంతకాలూ కావాలి. దుబాయ్‌లో ఉన్న బాబాయి సంతకం కోసం సెమిస్టరే వాయిదా పడొచ్చు.

అన్నీ సవ్యంగా ఉంటే మంజూరు లేఖ వస్తుంది. అందులో విద్యార్థి పేరు, కోర్సు, యూనివర్సిటీ, మొత్తం స్పష్టంగా ఉండాలి. 'సూత్రప్రాయంగా అంగీకరించాం' అని రాసిచ్చే కాగితం వేరు, అది మంజూరు కాదు. వీసాకి ముందే లోన్ డబ్బు ఖాతాలో పడాలని చాలామంది కంగారు పడతారు. అక్కర్లేదు. మంజూరు లేఖ చాలు, డబ్బు తర్వాత సెమిస్టర్ల వారీగా యూనివర్సిటీకి వెళ్తుంది. బ్రిటన్ వీసాలో మాత్రం ఖాతాలో ఉన్న డబ్బుకు 28 రోజుల నిబంధన ఉంది. అది విని అమెరికాకీ వర్తిస్తుందనుకునేవాళ్లున్నారు. అమెరికాకు అలాంటి లెక్క లేదు.

రోజుల లెక్క లేదు కదా అని రాత్రికి రాత్రి డబ్బు వేస్తే చెల్లుతుందా? ఆర్నెల్ల స్టేట్‌మెంట్‌లో నలభై వేలు దాటని ఖాతాలో ఒక్కసారిగా 20 లక్షలు కనిపిస్తే ఎవరైనా ఎక్కడివని అడుగుతారు. ప్లాటు అమ్మితే సేల్ డీడ్, అన్నగారు ఇస్తే గిఫ్ట్ డీడ్ జవాబుగా చూపాలి. మన దగ్గర పెద్ద తలనొప్పి ఇక్కడే ఉంది. డీడ్‌లో 12 లక్షలు రాయించి, అసలు ధర 30 లక్షలు పుచ్చుకుని, తేడాను నగదుగా తెచ్చి బ్యాంకులో వేస్తారు. ఆ 18 లక్షలకు ఏ కాగితమూ ఉండదు. ఆదాయపు పన్ను శాఖకు చెప్పలేని డబ్బుకు వీసా ఆఫీసరుకు మాత్రం ఏం సంజాయిషీ చెబుతారు?

కమీషన్‌కి కొన్నాళ్లు ఖాతాలో డబ్బు వేసి చూపించే 'అరేంజ్‌మెంట్' గాళ్లు ఇంకో రకం. ఇంటర్వ్యూ మూడు నాలుగు నిమిషాల్లో ముగుస్తుంది, ఫైలు తెరవకపోవడమే ఎక్కువ. చదువుకు డబ్బెవరు పెడుతున్నారు, నాన్నగారు ఏం చేస్తారు, లోన్ ఎంత అని అడుగుతారు. డీఎస్-160లో రాసింది, ఐ-20లో ఉన్నది, నోటితో చెప్పేది ఒకటే కావాలి. ఆఫీసరుకు నమ్మకం కుదరకపోతే 214(బి) సెక్షన్ కింద వీసా ఇవ్వరు. అది మళ్లీ దరఖాస్తు చేసుకోగల తిరస్కరణ. దొంగ కాగితం పెట్టి దొరికితే మాత్రం వేరే సెక్షన్ కింద జీవితాంతం అనర్హత వెంటాడవచ్చు.

మరి సీఏ సర్టిఫికెట్ దేనికి? కుటుంబం స్తోమతు చెప్పడానికి, మూడేళ్ల ఐటీ రిటర్నులకు తోడుగా ఉండడానికి పనికొస్తుంది. దానిమీద 18 అంకెల యూడీఐఎన్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆ సర్టిఫికెట్ అసలుదో కాదో ఎవరైనా ఆ నంబరుతో ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు.

యూనివర్సిటీ, బ్యాంకు, కాన్సులేట్ ముగ్గురూ డబ్బు ఉందా అనే అడుగుతారు. ఎలా తీరుస్తారన్నది ఇంటివాళ్లే లెక్క వేసుకోవాలి. 45 లక్షలకు పదిన్నర శాతం వడ్డీతో పదేళ్ల వాయిదా నెలకు 60 వేల పైచిలుకు. చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో లేదు. అమ్మాయికి అక్కడ ఉద్యోగం ఏడాది ఆలస్యమైతే ఆ 60 వేలు టీచర్ గారి జీతంలోంచే పోవాలి. తాకట్టు పత్రం మీద సంతకం పెట్టేముందు ఆ ఏడాది లెక్క కాగితం మీద వేసి చూసుకోండి.