మేడ మీదికి నెట్ తీగ మీదే వెళ్లాలి

కింద హాల్లో 300 ఎంబీపీఎస్ చూపించిన ఫోన్ రెండో అంతస్తుకు వెళ్లేసరికి అరవై దగ్గర కుంటుతుంది. ఇంటాయన అప్పటికే మూడు డబ్బాల మెష్ వైఫై కొని, అంతస్తుకొకటి పెట్టించాడు. ఏ గదిలో చూసినా సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. మరి వేగం ఎక్కడ పోతోంది?

ఆ గీతలు చెప్పేది ఫోన్‌కూ, పక్కనున్న నోడ్‌కూ మధ్య సంగతి మాత్రమే. ఆ నోడ్‌కు కింది నుంచి డేటా ఎలా వస్తోందో అవి చెప్పవు. మెష్‌లో ఇంటర్నెట్ తీగ తగిలించేది ఒక్క నోడ్‌కే. మిగతావి దాని దగ్గర్నుంచి తెచ్చుకుని మనకు అందించాలి. నోడ్‌కీ నోడ్‌కీ మధ్య ఉండే ఈ వెనకదారిని బ్యాక్‌హాల్ అంటారు. పెట్టెలోంచి తీసి ప్లగ్గులో పెట్టగానే పనిచేసే మెష్‌లో ఆ దారి కూడా గాలిలోనే, అంటే వైఫై మీదే నడుస్తుంది.

వైఫైలో ఒక ఛానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మధ్య నోడ్ కింది నుంచి వచ్చింది పూర్తిగా విని, అదే రేడియో మీద మళ్లీ పైకి చెప్పాలి. ఒకే డేటా గాలిలో రెండుసార్లు, మూడుసార్లు ప్రయాణిస్తుంది. పైగా మన ఇళ్లలో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఇనుప చువ్వల స్లాబ్ ఉంటుంది. వేగానికి పేరుపడ్డ 5 గిగాహెర్ట్‌జ్ తరంగాలు అందులోంచి దాటేసరికి బాగా నీరసిస్తాయి.

లెక్క వేసి చూద్దాం. నోడ్ ఉన్న గదిలో ఫోన్‌కు 300 ఎంబీపీఎస్ అందుతోందనుకోండి. స్లాబ్ దాటిన నోడ్ల మధ్య లింకు 150 మాత్రమే ఇస్తోందనుకోండి. 300 మెగాబిట్ల ఫైలు ఒకటి దించుకోవాలి. కింద హాల్లో ఒక సెకను చాలు. మొదటి అంతస్తులోనైతే స్లాబ్ దాటడానికి రెండు సెకన్లు, అక్కడి నోడ్ నుంచి ఫోన్‌కు మరొకటి, వెరసి మూడు. అంటే వేగం వందకు పడింది. రెండో అంతస్తులో స్లాబులు రెండు కాబట్టి నాలుగు సెకన్లు, ఫోన్‌కు ఒకటి, మొత్తం ఐదు. మూడువందలను ఐదుతో భాగిస్తే అరవై. మొదట్లో చెప్పిన అరవై ఇదే.

ఇంతకన్నా అన్యాయం ఇంకొకటుంది. పైన అబ్బాయి సినిమా దించుకుంటున్న ఆ ఐదు సెకన్లూ ఇంట్లో ఛానల్ ఖాళీ ఉండదు. కింద ఫైబర్ బాక్సు పక్కనే కూర్చుని వీడియో కాల్ మాట్లాడుతున్న వాళ్ల నాన్న కూడా తన వంతు కోసం కాచుకోవాల్సిందే. కాల్‌లో గొంతు ముక్కలవడానికి కారణం చాలాసార్లు ఇదే. పాపం, తిట్లు మాత్రం నెట్ కనెక్షన్ ఇచ్చినవాడికి పడతాయి.

ట్రైబ్యాండ్ అని అమ్మే ఖరీదైన మెష్‌లో వెనకదారికి విడిగా ఒక రేడియో ఉంటుంది. అది రెండుసార్లు మాట్లాడే బెడదను చాలావరకు తగ్గిస్తుంది. కానీ స్లాబ్‌ను పల్చన చేయలేదు కదా!

నోడ్ల మధ్య ల్యాన్ కేబుల్ వేస్తే ఈ లెక్క మొత్తం మారిపోతుంది. మామూలు క్యాట్ 5ఇ కేబులైనా వంద మీటర్ల దాకా సెకనుకు వెయ్యి మెగాబిట్లు మోస్తుంది, అదీ రెండు వైపులా ఒకేసారి. స్లాబ్ ఎంత మందమైనా దానికి పట్టదు. గాలిలో మిగిలేది ఫోన్‌కూ గదిలోని నోడ్‌కూ మధ్య ఆఖరి దూకుడు ఒక్కటే. అప్పుడు పై అంతస్తులోనూ 300 వస్తుంది. ప్లాన్ మూడువందలదే కాబట్టి ఇద్దరు ఒకేసారి లాగితే పంచుకోవాలి, అది వేరే సంగతి.

నోడ్ ఎక్కడ పెట్టాలన్న చిక్కు కూడా తీరుతుంది. గాలి మీద నడిచే నోడ్‌ను కింది నోడ్ మాట బాగా వినిపించే చోట, అంటే మెట్ల మలుపులోనో వసారాలోనో పెట్టాలి. సిగ్నల్ అందని మూల గదిలోనే పెడితే ఆ నోడ్‌కే సరిగా అందదు, మనకేం ఇస్తుంది? కేబుల్ ఉంటే నేరుగా మనిషి కూర్చునే గదిలో పెట్టుకోవచ్చు.

పని వరస ఇది. ఫైబర్ బాక్సు నుంచి మొదటి నోడ్‌కు, దాన్నుంచి ఒక చిన్న గిగాబిట్ స్విచ్‌కు, స్విచ్ నుంచి ఒక్కో అంతస్తుకు ఒక్కో కేబుల్. మిగతా నోడ్లు మొదటి నోడ్ వెనకాలే రావాలి. వాటిని నేరుగా ఫైబర్ బాక్సుకు తగిలిస్తే చాలా మెష్‌లు గందరగోళపడతాయి. ముందు నోడ్లన్నిటినీ ఒకే గదిలో పెట్టి గాలి మీదే జత చేసి, ఆ తర్వాత పైకి తీసుకెళ్లి కేబుల్ తగిలించడం తేలిక. ఫైబర్ బాక్సే రౌటర్ పని చేస్తుంటే, మెష్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి, బాక్సులోని వైఫైని ఆపేయాలి. లేకపోతే ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది.

కేబుల్ వేశాక కూడా వేగం సరిగ్గా 94 దగ్గర గోడ కట్టినట్టు ఆగిపోయిందంటే తప్పు ఎక్కడో ఊహించవచ్చు. ల్యాన్ కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. వంద ఎంబీపీఎస్‌కు నాలుగు చాలు. మిగతా నాలుగింటిలో ఒక్కటి తెగినా, కనెక్టర్‌లో సరిగా నొక్కుకోకపోయినా లింకు మౌనంగా వందకు దిగిపోతుంది. ప్యాకెట్ల ముందూవెనకా చేరే అదనపు సమాచారం పోగా మనకు కనిపించేది ఆ తొంభై నాలుగు. లైటు వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రెండు కొసలూ కోసి మళ్లీ క్రింప్ చేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ మారకపోతే నోడ్ పోర్టు చూడండి. చవక నోడ్లలో 10/100 పోర్టులే ఉంటాయి, వాటికి ఎంత మంచి కేబుల్ తగిలించినా అంతే.

కేబుల్ కొనేటప్పుడు కొస గీరి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. చవకే, కానీ వంపుల దగ్గర తేలిగ్గా విరుగుతుంది. లోపలా ఎర్రగా ఉండేదే పూర్తి రాగి తీగ. ఇంటి బయట గోడ మీదుగా తీసుకెళ్లాల్సి వస్తే ఎండకు తట్టుకునే నల్లతొడుగు కేబులే వాడాలి. కరెంటు తీగల పైపులో మాత్రం దీన్ని దూర్చకూడదు. సిగ్నల్‌కు అలజడి ఒకటి, ప్రాణభయం రెండోది. మూడు నోడ్లూ, స్విచ్చూ, ఫైబర్ బాక్సూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. స్విచ్ ఒక్కటి ఆగితే పైనున్న నోడ్లు మళ్లీ గాలి దారి పడతాయి.

రెండు బెడ్‌రూముల ఫ్లాటుకు ఇదంతా అక్కర్లేదు. నడుమన ఒక మంచి రౌటర్ పెడితే చాలు, మెష్ కూడా దండగే. మేడలకే ఈ తంటా. కట్టిన ఇంట్లో తర్వాత కేబుల్ వేయాలంటే గోడలు చీల్చాలి, లేదా డక్టు వెంట పాకించాలి. అందుకే ఇల్లు కట్టిస్తున్నవాళ్లు స్లాబ్ పోయకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, హాల్లో ఫైబర్ వచ్చే చోటు నుంచి ప్రతి అంతస్తుకూ కరెంటుతో సంబంధం లేని పైపు ఒకటి విడిగా వేయమని చెప్పండి. కేబుల్ ఎప్పుడైనా లాగించుకోవచ్చు.