గైడ్ గారికి కొత్త సంవత్సరం ఉత్తరం

జనవరి 1 ఉదయం వ్యవసాయ విశ్వవిద్యాలయం క్వార్టర్స్‌లో ఏ ప్రొఫెసర్ ఇంటికి వెళ్లినా హాల్లో యాపిల్ పళ్లు, బొకేలు, కొత్త డైరీలు కనిపిస్తాయి. ఫోన్ నిండా దీపాల బొమ్మలు, పూల బొమ్మలు. ముప్పై ఏళ్లు అదే క్వార్టర్స్‌లో ఉన్నాను కాబట్టి చెబుతున్నాను, సాయంత్రానికి వాటిలో ఏది ఎవరిచ్చారో గుర్తుండదు. గుర్తుండేది ఉత్తరమే. అదీ తాను ఏం నేర్చుకున్నాడో విద్యార్థి తేటగా రాసిన ఉత్తరం.

రెండేళ్ల కిందటి డిసెంబరు చివర్లో మా విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక అమ్మాయి తన గైడ్‌కు రాసిన శుభాకాంక్షలు నా దగ్గరికి తెచ్చింది. “ఒకసారి చూడండి మేడమ్, మర్యాదలో ఏమైనా తప్పుందేమో” అంది. మర్యాదలో ఏ లోపమూ లేదు. దైవసమానులు, జ్ఞానజ్యోతి, మీ మార్గదర్శకత్వం, మీ అమూల్యమైన సలహాలు అన్నీ ఉన్నాయి. చివర్లో ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం కోసం సోమవారం వస్తానని ఒక వాక్యం. నేను పైనున్న పేరును వేలితో మూసి, “ఇప్పుడిది మన విభాగంలో ఇంకెవరికైనా పంపొచ్చా?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, “అందరికీ పంపొచ్చు మేడమ్” అంది.

నా దృష్టిలో ఇలాంటి ఉత్తరానికి ఉన్న పరీక్ష అదొక్కటే. పేరు తీసేసినా ఆ మనిషి ఎవరో తెలియాలి. అందుకే ఆమెను ఇంకో ప్రశ్న అడిగాను. “ఈ ఏడాది సార్ దగ్గర నేర్చుకున్నది, ఆయన లేకపోతే నీకు తెలియనిది ఒక్కటి చెప్పు.” వెంటనే వేరుశనగ కోత రోజు సంగతి ఎత్తుకుంది.

ఆ అమ్మాయి ప్రయోగం ఎరువుల మోతాదు మీద. ఒక్కో మడి 3.6 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు. సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు, అంటే మడికి 12 సాళ్లు. కోతప్పుడు రెండు పక్కలా ఒక్కో సాలును, రెండు కొసల్లో 20 సెంటీమీటర్ల మేర మొక్కలను ముందే పీకి పక్కన పెట్టాలి. మిగిలిన పది సాళ్ల దిగుబడే లెక్కలోకి వస్తుంది. దాన్ని నికర మడి అంటాం. గట్టు పక్కనున్న మొక్కకు ఒకవైపు పోటీ ఉండదు. వెలుతురు, తేమ, ఎరువు దానికి కాస్త ఎక్కువ అందుతాయి, కాయా ఎక్కువే కాస్తుంది. రైతు పొలం మధ్యలో పెరిగే మొక్కకు ఆ వసతి లేదు. అంచును కలిపితే మనం కొలిచేది పొలం దిగుబడి కాదు, గట్టు దిగుబడి.

అంచు సాళ్లు పోగా మిగిలే విస్తీర్ణం 13.8 చదరపు మీటర్లు. ఇంత చిన్న మడిలో 100 గ్రాములు తేడా వస్తే హెక్టారుకు లెక్కగట్టేసరికి అది సుమారు 72 కిలోలవుతుంది. ఆ అంకెను నమ్మి రేపు ఒక రైతు ఎరువు బస్తాకు డబ్బు పెడతాడు.

కోత రోజున కూలీలు తొందరపడుతున్నారు, మబ్బు పట్టింది. ఈ అమ్మాయి అంచు సాళ్లతో కలిపే తూకం వేయబోయింది. గైడ్ గారు గట్టు మీదే కూర్చుని ఉన్నారు. ఆ తర్వాత జరిగినదంతా ఆమె నాకు నోటితో చెప్పింది. అప్పుడన్నాను, “ఇదే రాయమ్మా, చెప్పినట్టే రాయి” అని. రాసింది. ఆమె అనుమతితో ఆ ఉత్తరం ఇక్కడ ఇస్తున్నాను.

“గౌరవనీయులైన సార్‌కి,

నమస్కారం. మీకు, అమ్మగారికి నూతన సంవత్సర శుభాకాంక్షలు.

అక్టోబరులో రెండో రెప్లికేషన్ కోత రోజున నేను అంచు సాళ్లు కలిపి తూకం వేయబోతుంటే మీరు ఆపారు. కూలీల ముందు నన్ను ఒక్క మాట అనలేదు. అంచు సాలులోంచి ఒక మొక్క, మధ్య సాలులోంచి ఒక మొక్క పీకి నా చేతిలో పెట్టి కాయలు లెక్కపెట్టమన్నారు. అంచు మొక్కకు 19, మధ్య మొక్కకు 12 వచ్చాయి. అంచు వదిలేయాలని పుస్తకంలో చదివాను సార్. ఎందుకు వదలాలో ఆ రోజు తెలిసింది.

అప్పటి నుంచి ఏ దిగుబడి అంకె చూసినా అది ఎంత విస్తీర్ణంలో వచ్చిందో ముందు చూసుకుంటున్నాను. ఈ నెల పాత లెక్కలు మళ్లీ తీస్తే మొదటి రెప్లికేషన్‌లో రెండు మళ్లకు నికర విస్తీర్ణం వాడాల్సిన చోట మొత్తం విస్తీర్ణం వాడినట్టు దొరికింది. సరిచేసి ఫీల్డ్ బుక్‌లో తేదీ వేసి రాశాను. మీరు చూపించకుండా నాకు నేనుగా పట్టుకున్న మొదటి తప్పు ఇది. అది మీకు చెప్పాలనిపించింది.

మీ ఆరోగ్యం బాగుండాలని కోరుకుంటూ, మీ విద్యార్థిని.”

రెండు మొక్కలతో ఏదీ రుజువు కాదని సార్‌కీ తెలుసు. ఆయన రుజువు చేయలేదు, చూపించారు. ఈ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది మూడో పేరా. పాఠం చెప్పిన మనిషికి కావలసింది ఆ పాఠం తర్వాత ఏమైందన్న కబురు. చాలామంది విద్యార్థులు కృతజ్ఞత దగ్గరే ఆగిపోతారు, ఆ కబురు చెప్పరు. తన తప్పు ఉత్తరంలో ఒప్పుకుంటే చిన్నతనమవుతుందేమోనని ఈ అమ్మాయీ భయపడింది. సరిచేసిన తప్పును గైడ్‌కు చెప్పడంలో చిన్నతనం లేదని నచ్చజెప్పాల్సి వచ్చింది.

సంతకం మాట మాత్రం పట్టుబట్టి తీయించాను. అవసరం వెనకే ఉంటే ముందు రాసిన మంచి మాటలన్నీ ఆ అవసరం కోసమే రాసినట్టు కనిపిస్తాయి. సంతకానికి విడిగా వెళ్లొచ్చు. థీసిస్ ఇంకా ఆయన చేతిలోనే ఉన్నప్పుడు ఖరీదైన కానుకలూ అంతే, ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ ఇబ్బందే. అలాగే నలుగురూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఇలాంటిది పెట్టకూడదు. అక్కడ అది మిగతా విద్యార్థులకు పోటీలా కనిపిస్తుంది. కాగితం మీద చేత్తో రాసి ఇస్తే మేలు. దూరాన ఉన్నవాళ్లు ఈ-మెయిల్ చేయొచ్చు. జనవరి 1 హడావుడిలో కలిసిపోతుందనుకుంటే ఉగాదికి రాయండి, అదీ మన కొత్త సంవత్సరమే.

గైడ్‌తో అంత సఖ్యత లేనివాళ్లు కూడా ఉంటారు. నా పరిశోధన రోజుల్లో నాకూ కొన్ని చేదు నెలలున్నాయి. అలాంటప్పుడు లేని ప్రేమ రాయనక్కర్లేదు. నిజంగా నేర్చుకున్నది చిన్నదైనా ఒకటి ఉంటే అది రాయాలి. ఏమీ తోచకపోతే ఒక్క వాక్యం శుభాకాంక్షలు చాలు, అది మర్యాదే. మెచ్చుకుంటున్నట్టు మొదలుపెట్టి పాత తిట్లను గుర్తుచేసే ఉత్తరం మాత్రం అస్సలు పంపకండి.

ఆ అమ్మాయి ఉత్తరం జనవరి 1 సాయంత్రం, పళ్లబుట్టలవాళ్లు వెళ్లిపోయాక, స్వయంగా వెళ్లి ఇచ్చి వచ్చింది. సార్ అక్కడ చదవలేదట, కళ్లజోడు దగ్గర లేదన్నారట. తర్వాతి ఖరీఫ్‌లో కొత్తగా చేరిన ఇద్దరు స్కాలర్లకు కోత ముందు రోజు ఆయన ఫీల్డ్ బుక్‌లోంచి ఒక మడత కాగితం తీసి, అంచు సాళ్ల పేరా చదివి వినిపించారు. రాసిందెవరో చెప్పలేదు.