'సాగు' అంటే 'ఆగు' అని వినిపిస్తే

మాట వినబడుతుంది, అర్థం కాదు. ఉక్కు కర్మాగారాల హోరులో పని చేసిన చెవులు ముందుగా పోగొట్టుకునేది 'స'కారాన్ని. ఆ నష్టం ఎక్కడ, ఎంత అన్నది చెప్పేది స్పీచ్ ఆడియోగ్రామ్ అనే చిన్న గీత

'సాగు', 'ఆగు'. ఈ రెండు మాటల అర్థాలు పరస్పర విరుద్ధం. కానీ చెవికి వాటి మధ్య ఉన్న తేడా మొదట్లో వినిపించే ఒక్క 'స' మాత్రమే. ఆ శబ్దం చెవిని చేరకపోతే ముందుకు వెళ్లమన్న మాట నిలబడమన్నట్టు వినిపిస్తుంది. అలాగే 'సంత' 'అంత' అవుతుంది, 'సున్నా' 'ఉన్నా' అవుతుంది. విన్నవాడికి ఏదో లోపించిందన్న అనుమానం కూడా రాదు. ఎందుకంటే అతడికి వినిపించిందీ అర్థమున్న తెలుగు మాటే.

జంషెడ్‌పూర్‌లోని బర్మామైన్స్ వంటి చోట ఇది చాలా ఇళ్లకు సంబంధించిన విషయం. 1912లో ఉక్కు ఉత్పత్తి మొదలైన ఈ ఊరికి శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరాలుగా తెలుగు కుటుంబాలు వలస వచ్చాయి. కర్మాగారం పక్కనే ఉన్న ఈ పేట పేరులోనూ చివర వినిపించేది 'స్' శబ్దమే. రోలింగ్ మిల్లులు, కంప్రెసర్లు, గ్రైండింగ్ యంత్రాలు ఉన్న ఏ ఫ్యాక్టరీలోనైనా శబ్దం 90 డెసిబెల్స్ దాటడం మామూలే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి ఆ హోరులో ఉంటే చెవికి జరిగే నష్టం తిరిగిరాదు. ఇది ఫ్యాక్టరీల చట్టం (1948) మూడో షెడ్యూలులో వృత్తిరోగంగా నమోదైన జబ్బు. దాని స్థానంలో తెచ్చిన 2020 నాటి కోడ్ జాబితాలోనూ ఉంది.

ముందుగా పోయేది 'స'

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాలో వేల సంఖ్యలో రోమకణాలు ఉంటాయి. బుసబుసలాడే హెచ్చు పౌనఃపున్యపు శబ్దాలను మొదట్లో ఉన్న కణాలు, మంద్ర శబ్దాలను లోపలి కొసన ఉన్నవి అందుకుంటాయి. పెద్ద శబ్దాలకు ఎక్కువగా దెబ్బతినేది 3,000 నుంచి 6,000 హెర్ట్జ్‌ను అందుకునే భాగం. అందులోనూ 4,000 హెర్ట్జ్ దగ్గర నష్టం ముందుగా కనబడుతుంది. బయటి చెవి గొట్టం సహజంగానే 3,000 హెర్ట్జ్ చుట్టుపక్కల శబ్దాలను పెంచి లోపలికి పంపడం దీనికి ఒక కారణం. చనిపోయిన రోమకణం మనిషిలో మళ్లీ మొలవదు.

ఇప్పుడు మన అక్షరమాల వైపు చూద్దాం. శ, ష, స, హ లను మన వ్యాకరణాలు ఊష్మాలన్నాయి. ఇరుకు సందులోంచి గాలి రాసుకుంటూ వెళ్లినప్పుడు పుట్టే శబ్దాలివి. అయితే నాలుగింటి స్థానం ఒకటి కాదు. 'స' శక్తి ప్రధానంగా 4,000 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ఆడవారి గొంతులో, పిల్లల గొంతులో ఇంకా పైకి పోతుంది. నాలుక కాస్త వెనక్కి వెళ్లే 'శ', 'ష'లు 2,500 నుంచి 4,500 మధ్య తిరుగుతాయి. 'హ' గొంతులో పుట్టి, పక్కనున్న అచ్చు రూపాన్నే తొడుక్కుంటుంది కాబట్టి అంత త్వరగా పోదు. ఇంగ్లీషు నుంచి వచ్చిన 'ఆఫీసు', 'ఫీజు'ల్లోని 'ఫ' మరీ బలహీనమైనది.

అచ్చుల కథ వేరు. వాటి శక్తిలో ఎక్కువ భాగం 1,000 హెర్ట్జ్‌కు లోపే ఉంటుంది. బలమైన అచ్చుకు, బలహీనమైన ఊష్మానికి మధ్య తేడా 30 డెసిబెల్స్ దాకా ఉండొచ్చు. మాటకు బలమిచ్చేవి అచ్చులు, ఒక మాటను మరో మాట నుంచి విడదీసేవి ఎక్కువగా హల్లులు. అందుకే ఈ రోగి నోట ఎప్పుడూ ఒకటే మాట: "వినబడుతోంది, కానీ ఏమంటున్నారో తెలియడం లేదు." మనవరాలు నసుగుతోందని విసుక్కునే తాతకు పాత స్నేహితుడి బొంగురు గొంతు బాగానే అర్థమవుతుంది.

గట్టిగా అరిస్తే పని జరుగుతుందా? జరగదు. అరిచినప్పుడు పెరిగేది ప్రధానంగా అచ్చుల బలం. 'స' అంతగా పెరగదు. పైగా గట్టి మంద్ర శబ్దం బలహీనమైన హెచ్చు శబ్దాన్ని కప్పేస్తుంది. ఈ అనుభవం బాగా వినబడేవారికీ ఉంది. పాత టెలిఫోన్ లైన్లు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేవి. ఫోన్లో 'స', 'ఫ' తేడా తెలియక పేరును అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చేది అందుకే.

రెండు కాగితాలు, రెండు కథలు

వినికిడి పరీక్షకు వెళ్లినవారికి మొదట చేతికొచ్చేది ప్యూర్ టోన్ ఆడియోగ్రామ్. అడ్డంగా ఎడమ నుంచి కుడికి 250 నుంచి 8,000 హెర్ట్జ్ వరకు ఉంటాయి. నిలువుగా పై నుంచి కిందికి డెసిబెల్స్ పెరుగుతాయి. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తు వేస్తారు.

ఒక నమూనా తీసుకుందాం. ముప్పయ్యేళ్లు మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి కుడి చెవి: 500 హెర్ట్జ్ వద్ద 15 డెసిబెల్స్, 1,000 వద్ద 20, 2,000 వద్ద 30, 3,000 వద్ద 55, 4,000 వద్ద 70, 8,000 వద్ద 50. గీత 4,000 దగ్గర గోతిలోకి దిగి, 8,000 దగ్గర మళ్లీ పైకి లేచింది. ఇది శబ్దపు నష్టం వేసే గుర్తు. వయసు వల్ల తగ్గే వినికిడిలో గీత మళ్లీ లేవకుండా జారుతూనే పోతుంది. అయితే వయసు పెరిగే కొద్దీ రెండూ కలిసిపోయి ఆ గుంట పూడినట్టు కనిపించవచ్చు.

ఇక్కడే ఒక చిక్కు. 500, 1,000, 2,000 హెర్ట్జ్‌ల సగటు తీస్తే వచ్చేది 22 డెసిబెల్స్. 25 లోపు ఉంటే సాధారణం అన్న లెక్క ప్రకారం ఈ చెవికి జబ్బే లేదు! వికలాంగుల హక్కుల చట్టం (2016) ప్రకారమైతే వినికిడి లోపం కింద లెక్కకు రావాలంటే రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ నష్టం ఉండాలి. కానీ మామూలు సంభాషణలో 'స' చెవిని చేరేది దాదాపు 20 నుంచి 35 డెసిబెల్స్ స్థాయిలో. 4,000 హెర్ట్జ్ వద్ద 70 దాటితే గానీ వినని చెవికి అది లేనట్టే. 'శ' మాత్రం మసగ్గా అందుతుంది.

సగటు దాచిన ఈ సంగతిని బయటపెట్టేది రెండో కాగితం, స్పీచ్ ఆడియోగ్రామ్. ఇందులో టోన్లకు బదులు మాటలు వినిపిస్తారు. అడ్డగీత మాటల బిగ్గరదనం, నిలువు గీత సరిగ్గా తిరిగి చెప్పిన మాటల శాతం. ఇక్కడ గీత పైకి వెళితే మంచిది. మొదట చూడాల్సింది మాటల్లో సగం సరిగ్గా చెప్పగలిగిన స్థాయి. అది పై సగటుకు ఇంచుమించు దగ్గరగా ఉండాలి. చాలా తేడా వస్తే రెండు పరీక్షల్లో ఒకటి సరిగ్గా జరగలేదని అనుమానించాలి. మన నమూనా మనిషికి అది 20 డెసిబెల్స్. లెక్క సరిపోయింది.

తర్వాత చూడాల్సింది గీత శిఖరం. మామూలు చెవిలో గీత నిటారుగా లేచి 100 శాతానికి చేరుతుంది. చెవిపొరకో మధ్య చెవికో జబ్బు ఉంటే అదే గీత కుడివైపు జరుగుతుంది, కానీ బిగ్గరగా వినిపిస్తే 100 చేరుతుంది. రోమకణాలు దెబ్బతింటే గీత నెమ్మదిగా లేచి 100కు ముందే ఆగిపోతుంది. నమూనా మనిషికి 40 డెసిబెల్స్ వద్ద 56 శాతం, 60 వద్ద 72, 80 వద్ద 76, 90 వద్దా 76. అంటే ఇక ఎంత పెంచినా లాభం లేదు. నాలుగో రకం, గీత శిఖరానికి చేరి, బిగ్గరదనం పెంచే కొద్దీ బాగా కిందికి పడిపోవడం. అది కాక్లియా వెనక ఉన్న నాడిలో తేడాకు సూచన కావచ్చు. కాబట్టి ఎమ్మారై స్కాన్‌తో తేల్చుకోవాలి.

తప్పుల జాబితా అడగండి

76 శాతం అంటే 25 మాటల్లో 19 ఒప్పు, ఆరు తప్పు. అసలు విషయం ఆ ఆరింటిలో ఉంది. 'సాగు'కు 'ఆగు', 'సంత'కు 'అంత', 'సున్నా'కు 'ఉన్నా', 'కాసు'కు 'కాటు', 'మూసి'కి 'మూతి', 'కాఫీ'కి 'కాపీ' అన్నాడనుకుందాం. మొదటి అయిదింటిలోనూ పోయింది 'స'. మరి ఆరోది? మన ఊళ్లలో చాలామంది కాఫీని జీవితాంతం 'కాపీ' అనే అంటారు. అది చెవి తప్పు కాకపోవచ్చు.

పరీక్ష ఏ భాషలో జరిగిందన్న ప్రశ్న అందుకే ముఖ్యం. జంషెడ్‌పూర్‌లో పరీక్ష హిందీ మాటలతో జరిగే అవకాశం ఎక్కువ. ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషి హిందీ పదాన్ని తప్పు చెబితే అది చెవి లోపమో, పదం తెలియకపోవడమో కాగితం చెప్పదు. 'శ'ను 'స'గా పలికే అలవాటు ఉన్నవారికీ అన్యాయంగా మార్కులు పోతాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో 'వస్తాడు'ను ఎటూ 'వత్తాడు' అంటారు. ఆ యాసతో పెరిగినవాడికి 'వస్తాడు'లో 'స్' వినబడకపోయినా మాట వింతగా తోచదు. ఇలా యాస కూడా లోపాన్ని కొన్నాళ్లు కప్పిపెట్టగలదు. 'చేశాను', 'చేస్తాను' మధ్య తేడా చెప్పేది కూడా ఊష్మమే. అక్కడ జారితే జరిగిన పని జరగబోయేదవుతుంది.

మరో పరిమితి అంకెల్లోనే ఉంది. 25 మాటల పట్టికలో ఒక్కో మాట విలువ నాలుగు శాతం. కిందటేడు 76 వచ్చి, ఈ ఏడు 68 వచ్చినంత మాత్రాన చెవి దిగజారిందని చెప్పలేం. రెండు మాటల తేడా అదృష్టం మీద కూడా రావచ్చు. ఖాయంగా తెలియాలంటే 50 మాటలు వినిపించాలి. మాటలను పరీక్షకుడు నోటితో చదివితే ఆ గొంతును బట్టి కూడా మార్కులు మారతాయి. రికార్డు చేసిన మాటలైతే ఏటేటా పోల్చడానికి వీలుంటుంది.

హియరింగ్ ఎయిడ్ కొనేముందు ఈ గీత శిఖరం చూడాలి. యంత్రం 'స'ను పెంచగలదు, లేదా కొన్ని రకాల్లో దాన్ని కింది పౌనఃపున్యానికి దించి వినిపించగలదు. కానీ అందుకునే కణాలే లేని చోట స్పష్టతను పుట్టించలేదు. శిఖరం 76 దగ్గర ఉన్న మనిషికి 100 ఇస్తామని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. మిగతా లోటును పూడ్చేది కళ్లు. ఎదుటివారు ముఖం కనబడేలా, వెలుతురులో, అరవకుండా, కాస్త నిదానంగా మాట్లాడాలి. 'స' అనేటప్పుడు పెదాలు తెరిచే ఉంటాయి, 'ప' అంటే మూసుకుంటాయి. ఆ తేడా చెవికి అందకపోయినా కంటికి అందుతుంది.