నలభై ఏడు సెకన్ల లోటు

తొమ్మిది వోల్టుల బ్యాటరీ, లక్ష ఓముల నిరోధకం, 470 మైక్రోఫారడ్ల ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్, ఒక డిజిటల్ మల్టీమీటర్. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనైనా ఈ సామాను దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంటే మెకానిక్ వచ్చి మార్చే ‘కండెన్సర్’ కూడా కెపాసిటరే. కాకపోతే అది వేరే రకం. ఇక్కడ కావలసినది రెండు కాళ్ల చిన్న డబ్బా లాంటిది. పక్కన గీత ఉన్న కాలు రుణ ధ్రువం. దాన్ని తిరగేసి కలిపితే లోపలి పొర దెబ్బతిని కెపాసిటర్ వేడెక్కుతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా.

ముందుగా కెపాసిటర్ రెండు కాళ్లనూ ఒక వైరుముక్కతో కలిపి ఖాళీ చేయాలి. తర్వాత బ్యాటరీ నుంచి నిరోధకానికి, అక్కడి నుంచి కెపాసిటర్‌కు, తిరిగి బ్యాటరీకి వరుసగా కలపాలి. మీటరు మొనలు కెపాసిటర్ కాళ్ల మీద పెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కితే ప్రయోగం మొదలైనట్టే.

మీటరు మీది అంకెలు మొదట పరుగెడతాయి. 15 సెకన్లకు 2.46 వోల్టులు దాటిపోతాయి. 30 సెకన్లకు 4.25, 45కు 5.55, నిమిషానికి 6.49. ఇవి సిద్ధాంతం చెప్పే విలువలు. బల్ల మీద వచ్చేవి వీటికి కొంచెం అటూ ఇటూగా ఉంటాయి, ఎందుకో తర్వాత చూద్దాం. మొదటి పావు నిమిషంలో దాదాపు రెండున్నర వోల్టులు ఎక్కిన కెపాసిటర్, నాలుగో పావు నిమిషంలో ఒక్క వోల్టు కూడా ఎక్కలేదు. నాలుగు నిమిషాలు గడిచేసరికి అంకె కదులుతోందో లేదో కళ్లు చికిలించి చూడాల్సి వస్తుంది.

ఎక్కిన వోల్టులను పక్కన పెట్టి, ఇంకా ఎక్కాల్సినవి ఎన్నో రాసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. మొదట లోటు 9 వోల్టులు. 15 సెకన్ల తర్వాత 6.54, ఆపై 4.75, ఆపై 3.45, నిమిషానికి 2.51. ఈ వరుసలో ప్రతి అంకె, ముందున్న అంకెలో దాదాపు 73 శాతం. ప్రతి పావు నిమిషానికీ లోటులో 27 శాతం తీరుతోంది. తీరే మొత్తం తగ్గుతున్నా, తీరే వంతు మారడం లేదు.

ఇలా ఎందుకవుతుందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. బ్యాటరీ ఇచ్చే వోల్టేజిని నిరోధకం, కెపాసిటర్ పంచుకుంటాయి. కెపాసిటర్ మీద ఎంత వోల్టేజి ఉందో అది పోగా మిగిలినదే నిరోధకం మీద ఉంటుంది. అంటే మనం లోటు అంటున్నదే నిరోధకం వాటా. ఓమ్ నియమం ప్రకారం ఆ వాటాను బట్టే ప్రవాహం. కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు 9 వోల్టులూ నిరోధకం మీదే ఉంటాయి కాబట్టి 90 మైక్రోఆంపియర్లు పారతాయి. కెపాసిటర్ సగం నిండితే ప్రవాహం 45కు పడిపోతుంది. ఆ ప్రవాహమే కెపాసిటర్‌ను నింపాలి. నిండేకొద్దీ నింపే చెయ్యే బలహీనపడుతుందన్న మాట.

ఇదే మాటను గణితంలో రాస్తే ఇలా ఉంటుంది. బ్యాటరీ వోల్టేజి V₀, కెపాసిటర్ వోల్టేజి v, ప్రవాహం i అనుకుందాం.

V₀ = iR + v

కెపాసిటర్ వోల్టేజి ఎంత వేగంగా పెరుగుతుందో ప్రవాహం చెబుతుంది: i = C dv/dt. దీన్ని పై సమీకరణంలో పెడితే,

RC dv/dt = V₀ − v

మొదటి తరగతి అవకలన సమీకరణం అని పుస్తకాలు చెప్పేది దీన్నే. v ఎంత వేగంగా మారుతుందన్న ఒక్క ప్రశ్నే ఇందులో ఉంది, ఆ వేగం ఎలా మారుతుందన్న రెండో ప్రశ్న లేదు కాబట్టి ఆ పేరు. కుడివైపున ఉన్న V₀ − v మన లోటే. దానికి g అని పేరు పెడదాం. V₀ మారదు కాబట్టి v పెరిగినంతే g తగ్గుతుంది. సమీకరణం తేలికైపోతుంది:

dg/dt = −g/RC

g ఉన్న పదాలను ఒకవైపు, కాలాన్ని మరోవైపు చేర్చితే dg/g = −dt/RC. రెండువైపులా సమాకలనం చేస్తే ln g = −t/RC + k. ఆ k విలువను ప్రయోగం మొదలే చెబుతుంది. t = 0 దగ్గర కెపాసిటర్ ఖాళీ, లోటు మొత్తం V₀, కాబట్టి k = ln V₀. సంవర్గమానాన్ని విప్పితే g = V₀e^(−t/RC). బ్యాటరీ వోల్టేజిలోంచి లోటును తీసేస్తే కెపాసిటర్ వోల్టేజి వస్తుంది:

v = V₀(1 − e^(−t/RC))

స్టాప్‌వాచ్ పక్కన రాసుకున్న అంకెలన్నీ ఈ ఒక్క వరుసలోంచే వస్తాయి.

ఇందులో R, C ఎక్కడ కనిపించినా జంటగానే కనిపిస్తాయి. ఓములను ఫారడ్లతో గుణిస్తే సెకన్లు వస్తాయి. ఓమ్ అంటే ఆంపియర్‌కు ఇన్ని వోల్టులు, ఫారడ్ అంటే వోల్టుకు ఇన్ని కూలుంబులు. వోల్టులు కొట్టుకుపోగా మిగిలేది ఆంపియర్‌కు ఇన్ని కూలుంబులు, అంటే సెకన్లే. ఈ లబ్ధాన్ని కాల స్థిరాంకం అంటారు, గ్రీకు అక్షరం τతో రాస్తారు. మన సర్క్యూట్లో 1,00,000 × 0.00047 = 47 సెకన్లు.

ఆ 47 సెకన్లకు రెండు అర్థాలు చెప్పుకోవచ్చు. స్విచ్ వేసిన క్షణంలో కెపాసిటర్ సెకనుకు 0.19 వోల్టుల వేగంతో ఎక్కుతుంది. ఆ వేగం తగ్గకుండా ఉంటే సరిగ్గా 47 సెకన్లకు 9 వోల్టులూ నిండిపోయేవి. కానీ వేగం తగ్గుతుంది కాబట్టి అప్పటికి 63.2 శాతమే, అంటే 5.69 వోల్టులే ఎక్కుతాయి. రెండో అర్థం ఇంకా ఉపయోగపడేది. ఏ క్షణంలో గడియారం చూసినా, అక్కడి నుంచి 47 సెకన్లలో అప్పుడున్న లోటు 36.8 శాతానికి దిగుతుంది. 94 సెకన్లకు 7.78 వోల్టులు, 141కి 8.55. అయిదు కాల స్థిరాంకాలకు, అంటే 235 సెకన్లకు 8.94. లెక్క ప్రకారం లోటు ఎప్పటికీ సున్నా కాదు. పనిలో మాత్రం అయిదు τలు గడిస్తే నిండినట్టే లెక్క.

బ్యాటరీ వోల్టేజి τలో ఎక్కడా లేదన్నది గమనించాలి. 12 వోల్టులు పెడితే కెపాసిటర్ ఎక్కువ వోల్టులు ఎక్కుతుంది, కానీ 63.2 శాతానికి చేరడానికి అవే 47 సెకన్లు పడతాయి.

ఇప్పుడు బల్ల మీది తేడాల సంగతి. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ మీద 470 అని రాసి ఉన్నా, సాధారణంగా 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. కాబట్టి τ 38 సెకన్లు కావచ్చు, 56 కావచ్చు. రెండో దొంగ మీటరే. డిజిటల్ మీటరుకు సాధారణంగా కోటి ఓముల లోపలి నిరోధం ఉంటుంది. కొంచెం ప్రవాహం దాని గుండా పోయి, తుది వోల్టేజి 9 బదులు 8.91 దగ్గర ఆగుతుంది. పాత ముల్లు మీటరు వాడితే తేడా ఇంత చిన్నది కాదు. వోల్టుకు 20,000 ఓముల మీటరును 10 వోల్టుల రేంజిలో పెడితే దాని నిరోధం రెండు లక్షల ఓములే. కెపాసిటర్ 6 వోల్టులు దాటదు. τ కూడా 31 సెకన్లకు కుంగిపోతుంది.

అందుకే 5.69 కోసం ఎదురుచూడడం కంటే, అంకె ఎక్కడ ఆగుతుందో ముందు చూసుకుని, దానిలో 63.2 శాతానికి చేరడానికి పట్టిన కాలాన్ని కొలవడం మేలు. డిజిటల్ మీటరుతో అలా 52 సెకన్లు వచ్చిందంటే, చేతిలో ఉన్నది నిజానికి 525 మైక్రోఫారడ్లకు దగ్గరి కెపాసిటర్ అన్నమాట.

ఈ నిండే కాలాన్నే గడియారంగా వాడుకునే చిప్ 555 టైమర్. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఇంజినీరు హాన్స్ కామెన్‌జిండ్ 1971లో అమెరికాలో సిగ్నెటిక్స్ సంస్థ కోసం దీన్ని రూపొందించాడు. మరుసటి ఏడాది మార్కెట్‌కు వచ్చింది. బటన్ నొక్కితే కొంతసేపు దీపం వెలిగి ఆరిపోవాలనుకుందాం. కెపాసిటర్ 6 వోల్టులకు చేరగానే ఆర్పేయమని సర్క్యూట్‌కు చెప్పొచ్చు. 9 వోల్టుల బ్యాటరీతో మన కెపాసిటర్ 51.6 సెకన్లకు అక్కడికి చేరుతుంది. కానీ బ్యాటరీ వాడేకొద్దీ దిగుతుంది. 7.5 వోల్టులకు దిగితే అదే 6 చేరడానికి 75.6 సెకన్లు పడుతుంది. 6 కంటే కిందికి దిగితే ఇక దీపం ఆరదు.

ఆ చిప్‌లో 6 వోల్టుల గీత లేదు. లోపల వరుసగా మూడు సమాన నిరోధకాలున్నాయి. అవి సరఫరా వోల్టేజిని మూడు భాగాలు చేస్తాయి, కెపాసిటర్ అందులో మూడింట రెండు వంతులు చేరగానే చిప్ ఆపేస్తుంది. 9 వోల్టులకు గీత 6 దగ్గర, 7.5కు 5 దగ్గర. రెండు సందర్భాల్లోనూ లోటు మూడింట ఒక వంతుకు దిగితే చాలు. మన సమీకరణంలో e^(−t/RC) = 1/3 అని పెడితే t = RC ln 3, అంటే 1.1RC. బ్యాటరీ వోల్టేజి కొట్టుకుపోయింది. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు బట్టీ పట్టే ఆ 1.1 వచ్చింది ఇక్కడి నుంచే.

మరి గంటసేపటి టైమర్ కావాలంటే R, C పెంచుకుంటూ పోతే సరిపోదా? ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్‌లో కొద్దిపాటి ప్రవాహం ఎప్పుడూ కారిపోతూ ఉంటుంది. లక్ష ఓములు ఉన్నప్పుడు అది పెద్దగా తెలియదు. పది లక్షల ఓములు పెడితే, 5 వోల్టుల దగ్గర 4 మైక్రోఆంపియర్లు కారే కెపాసిటర్ సరిగ్గా 5 దగ్గరే నిలిచిపోతుంది. మిగిలిన 4 వోల్టుల లోటు పంపగలిగే ప్రవాహమంతా ఆ కారుడుకే సరిపోతుంది. 6 వోల్టుల గీతను అది ఎన్నటికీ ముట్టదు, దీపం వెలుగుతూనే ఉంటుంది. మెకానిక్ చిప్‌ను మారుస్తాడు, అయినా దీపం ఆరదు. కెపాసిటర్‌ను పెద్దది చేస్తే కారుడు కూడా సాధారణంగా దానితో పాటే పెరుగుతుంది.

గంట టైమర్లు చేసేవాళ్లు అందుకే పెద్ద τ జోలికి పోకుండా CD4060 లాంటి చిప్ వాడతారు. అందులో చిన్న కెపాసిటర్ ఒకటి నిండుతూ ఖాళీ అవుతూ ఉంటుంది, చిప్ ఆ ఆవృత్తాలను లెక్కపెడుతుంది. చివరి కాలు 8192వ ఆవృత్తానికి మారుతుంది. గంట కావాలంటే ఒక్కో ఆవృత్తం 0.44 సెకను ఉంటే చాలు. అంత చిన్న కాలానికి ఎలక్ట్రొలిటిక్ అవసరం లేదు, కారుడు దాదాపు లేని ఫిల్మ్ కెపాసిటర్ సరిపోతుంది.