తాతయ్య కళ్లజోడు తీసేస్తే

మా ఇంట్లో తాతయ్యది పెద్దగా, క్లియర్‌గా ఉన్న ఫోటో ఒక్కటే. ఫ్లాష్ వేసి తీశారు. కుడి అద్దం మీద తెల్లటి మెరుపు పడి, ఆ కన్ను అస్సలు కనబడదు. సెలవులకి పరవాడ వెళ్తే మామ్మ అడిగింది: "మీ తాత కళ్లజోడు పెట్టింది ఆఖర్లోనేరా. అది లేకుండా ఒక బొమ్మ తీసిపెట్టవా?" ఒక్క సాయంత్రం పని అనుకున్నాను.

స్టేబుల్ డిఫ్యూజన్‌కి ఐపీ-అడాప్టర్ తగిలించి, ఈ ఫోటోనే రిఫరెన్స్‌గా ఇచ్చాను. నెగటివ్ ప్రాంప్ట్ ఇది:

```
glasses, eyeglasses, glare, lens reflection
```

ఫ్రేము పోయింది. కానీ కుడి కంటి కింద, బుగ్గ మీద సున్నం పూసినట్టు తెల్లమచ్చ మిగిలింది. ఎందుకంటే మామూలు ఐపీ-అడాప్టర్ ఫోటోని క్లిప్ అనే మోడల్‌తో చదువుతుంది. అది చూసేది మొత్తం బొమ్మని. దానికి ముక్కు ఎంతో మెరుపూ అంతే. మనం "కళ్లజోడు వద్దు" అంటే ఆ వస్తువుని తీస్తుంది గానీ, దాని వెలుగుని చర్మం రంగు అనుకుని ఉంచేస్తుంది.

అందుకే ఫేస్ఐడీ రకానికి మారాను. ఇది ముఖాన్ని గుర్తుపట్టే మోడల్ ఇచ్చే 512 అంకెలని వాడుతుంది. మనిషి ఎవరో చెప్పడానికే దానికి ట్రైనింగ్ ఇచ్చారు కాబట్టి, వెలుతురునీ కళ్లజోడునీ చాలావరకు పట్టించుకోదు. మచ్చ పోయింది. రెండు కళ్లూ చక్కగా వచ్చాయి.

మామ్మ చూసి, "ముక్కు మీ తాతదే. ఈ కన్ను ఎవరిది?" అంది. వేలు కుడి కన్ను మీదే పెట్టింది.

తప్పు సెట్టింగ్స్‌ది కాదు. మెరుపు పడిన చోట పిక్సెల్ విలువలు మూడు రంగుల్లోనూ 255. అంటే అక్కడ కన్ను చీకట్లో దాక్కోలేదు, అసలు రికార్డే కాలేదు. బ్రైట్‌నెస్ తగ్గించినా బూడిదరంగు వస్తుంది, కన్ను రాదు. మోడల్ వేసింది తను చూసిన వేలమంది ముసలివాళ్ల సగటు కన్ను. పైగా తాతయ్యది దళసరి ప్లస్ పవర్ అద్దం. అది కన్నుని పెద్దదిగా చూపిస్తుంది. అంటే కనబడే ఎడమ కన్ను సైజు కూడా నిజం కాదు.

చివరికి బీరువాలో అత్త పెళ్లి నాటి చిన్న ఫోటో దొరికింది, కళ్లజోడు లేనిది. రెండు ఫోటోల అంకెలనీ సగటు తీసి, పాతదానికి ఎక్కువ వెయిట్ ఇచ్చాను. ఈసారి ముందు ముక్కూ నోరూ కాగితంతో మూసి, కళ్లు మాత్రమే చూపించాను. మొత్తం ముఖం చూపిస్తే పోలిక ఉందని మనమే సర్దుకుపోతాం. మామ్మ కాసేపు చూసి, "ఇది దగ్గరగా ఉంది" అంది.

దగ్గరగా, అంతే. ఆ పాత ఫోటో దొరక్కపోయుంటే ఆ కన్ను ఎప్పటికీ ఊహే. అలాంటప్పుడు ఆ సంగతి ఫ్రేము కట్టించకముందే ఇంట్లో చెప్పేయాలి.